ప్రాస పాదం చివరే ఉండాలా?

(పాటలు, కవితలు రాసే యువత కోసం ఏర్పాటైన శిక్షణ తరగతిలో ఇచ్చిన ప్రసంగం. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. నిన్న మీరు రాసి ఇచ్చిన పల్లవులు, చరణాలు రాత్రి చదివాను. విషయాలు బాగున్నాయి. ఊరి చెరువు మీద రాశారు, నాన్న సైకిల్ మీద రాశారు, పరీక్ష ఫెయిలైన రోజు మీద రాశారు. కానీ దాదాపు ప్రతి కాగితంలో పాదం చివరికి వచ్చేసరికి ఒకే జబ్బు కనిపించింది. వచ్చాను, చూశాను, నవ్వాను, మరిచాను. లేదంటే ఊరిలో, దారిలో, గుండెలో, ఎండలో. అన్ని పాదాలూ ఒకేలా ముగిశాయి కాబట్టి ప్రాస కుదిరిందని మీరు అనుకున్నారు. చదివేవాడికి మాత్రం అక్కడ ప్రాస వినపడదు, ప్రత్యయం వినపడుతుంది.

ఇవాళ దాని గురించే మాట్లాడతాను. చివర బలవంతంగా కుట్టిన ప్రాసను వదిలేసి, పాదం లోపల, పాదం మొదట్లో, కాస్త ఓరగా కలిసే ధ్వనులతో పాటని ఎలా నడిపించవచ్చో చూద్దాం. ఇంగ్లీషు కవులు దీన్ని స్లాంట్ రైమ్, ఇంటర్నల్ రైమ్ అంటారు. పేర్లు వాళ్ళవి. పని మాత్రం మన చెవికి ఎప్పటినుంచో అలవాటైనదే.

ముందు ఈ జబ్బు తెలుగులో ఎందుకింత తేలిగ్గా పట్టుకుంటుందో చూడాలి. మన వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ఆ క్రియ చివర ఎవరు చేశారో చెప్పే ప్రత్యయం ఉంటుంది. నేను అయితే 'ఆను', నువ్వు అయితే 'ఆవు', అతను అయితే 'ఆడు'. అంటే ఒకే మనిషి గురించి నాలుగు వాక్యాలు రాస్తే చాలు, నాలుగూ ఒకేలా ముగుస్తాయి. మీరేమీ చెయ్యక్కర్లేదు, వ్యాకరణమే చేసిపెడుతుంది. దానికి తోడు మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ఊరు, పేరు, కాలు, నీళ్ళు, అన్నిటి చివరా అదే ఉకారం. కష్టపడకుండా వచ్చిన కలయికని చెవి లెక్కలో వేసుకోదు. ఆశ్చర్యం లేని చోట ప్రాస ఉన్నా లేనట్టే.

మీరు పరీక్షించుకోవడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. పాదం చివరి మాటలోంచి ప్రత్యయాన్ని కోసెయ్యండి. మిగిలిన ముక్కలో కలయిక ఉందా చూడండి. 'వచ్చాను, నవ్వాను' లోంచి 'ఆను' తీసేస్తే వచ్చ్, నవ్వ్ మిగులుతాయి. ఏమీ కలవలేదు. 'మలిచాను, నిలిచాను' లోంచి తీసేస్తే మలిచ్, నిలిచ్ మిగులుతాయి. ఇక్కడ లకారం, చకారం రెండూ కలిశాయి, ముందున్న అచ్చు మాత్రం మారింది. ఇది నిజమైన కలయిక. ప్రత్యయం కోసిన తర్వాత కూడా బతికి ఉన్నదే ప్రాస.

ఇప్పుడు మన చెవి ఎక్కడ అలవాటు పడిందో చూద్దాం. దానికి పెద్ద గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు, సామెతలు చాలు. సామెతని ఎవరూ కూర్చుని రాయలేదు. నోటి నుంచి నోటికి వెళ్తూ, గుర్తుండనివి రాలిపోగా గుర్తుండేవే మిగిలాయి. కాబట్టి తెలుగు చెవికి ఏది పట్టుకుంటుందో సామెతలే చెబుతాయి.

'కోటి విద్యలు కూటి కొరకే.' చివర ప్రాస లేదు. కోటి, కూటి అనే రెండు మాటల్లో హల్లులన్నీ అవే, మొదటి అచ్చు ఒక్కటే ఓ నుంచి ఊకి మారింది. 'ఆడలేక మద్దెల ఓడు.' ఆడ, ఓడు. డకారం ఒక్కటే కలిసింది, దాని ముందూ వెనకా ఉన్న అచ్చులు రెండూ వేరు. 'అత్త లేని కోడలుత్తమురాలు.' అత్తకి ఉత్త కలిసింది, అదీ కోడలు అనే మాటతో సంధి కలిసి దాక్కుని ఉంది. మనం రోజూ అంటాం కానీ అక్కడ ప్రాస ఉందని గమనించం. గమనించకపోవడమే దాని గొప్ప.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. 'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు.' చివర 'చూడు' రెండుసార్లు వచ్చింది కదా, అదే ప్రాస అనుకుంటాం. కాదు, అది ఒకే మాట మళ్ళీ రావడం. దీన్ని ఇలా మార్చి చూడండి: 'గుడి కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు.' చివర చూడు అలాగే ఉంది, సామెత మాత్రం చచ్చిపోయింది. ప్రాణం ఉన్నది ఇల్లు, పెళ్ళి అన్న జంటలో. ఆ జంట ఎంత ఓరగా కలిసిందో చూడండి. ముందు అచ్చు ఇ, ఎ. హల్లు ఒకచోట ల, ఇంకోచోట ళ. చివర అచ్చు ఉ, ఇ. ఒక్కటీ సరిగ్గా కలవలేదు, అయినా చెవికి గట్టిగా కలిసింది.

ఎందుకు కలిసింది? ఇది మన ఛందస్సుకి తెలిసిన విషయమే. తెలుగు పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. ఆ అక్షరంలో హల్లు కలవాలి. అచ్చు ఏదైనా ఫరవాలేదు. లకారానికీ ళకారానికీ ప్రాస వెయ్యవచ్చని లాక్షణికులు ఒప్పుకున్నారు. పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో ఒక అక్షరం జత కలవడమే యతి, దానికైతే ఇంకా ఉదారంగా ఉన్నారు. అకారానికి యకారం, హకారం చుట్టాలు. చ, జ, శ, ష, స ఒక కుటుంబం. ప, బ, భ ఒక ఇంటివాళ్ళు. నోట్లో ఎక్కడ పుడతాయో చూసి ఈ చుట్టరికాలు కలిపారు. ఇంకోచోట స్లాంట్ రైమ్ అని కొత్త పేరు పెట్టుకున్న పని ఇక్కడ నియమంగానే ఉంది.

అయితే ఇందులో ఒక షరతు ఉంది, దాన్ని మీరు వదలకండి. ప్రాసాక్షరానికి ముందున్న అక్షరం ఒక పాదంలో గురువైతే అన్ని పాదాల్లోనూ గురువే కావాలి, లఘువైతే లఘువే. ఇది చాదస్తం అనుకుంటారు చాలామంది. కాదు. నోటితో అని చూడండి: 'పాలు, నేల, జోల.' లకారం ఒకే తూకంలో వచ్చి పడుతోంది. ఇప్పుడు 'పాలు, కల, జోల' అనండి. 'కల' దగ్గర లకారం ముందే వచ్చేసింది, మెట్టు ఉందనుకుని కాలేస్తే లేనట్టు. అచ్చు రంగు ఎంతైనా మారనివ్వండి, ఆ అక్షరం తూకం మాత్రం మారనివ్వకండి. ఓరప్రాసకి నేను చెప్పే హద్దు ఇదొక్కటే.

(ఒక శ్రోత: 'అంటే వంట, పూట కలుస్తాయా మేడమ్?')

మంచి ప్రశ్న. పద్యంలో కలవవు. సున్న ఉన్న అక్షరానికి సున్న ఉన్న అక్షరమే ప్రాస. పాటలో కలుస్తాయి. ఎందుకంటే 'వం' గురువే, 'పూ' గురువే, ట వచ్చి పడే చోటు ఒకటే. పద్యం రాస్తే పద్యం నియమం పాటించండి. పాట రాస్తే చెవిని అడగండి.

ఇక పాదం లోపలి ప్రాస. దీనికి మీ అందరికీ నోటికి వచ్చిన పద్యమే చాలు. వేమన 'ఉప్పు కప్పురంబు' పద్యం. అందులో రెండో పాదం, 'చూడ చూడ రుచుల జాడ వేరు.' ఆటవెలదిలో ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి రావాలి. ఇక్కడ మొదటి అక్షరం చూ, యతి స్థానంలో జా. చకారానికి జకారం చుట్టమే కానీ ఊకి ఆ కలవదు. కాబట్టి యతి కుదరలేదు. కుదరని చోట వేమన ఏం చేశాడు? రెండో అక్షరాలని కలిపాడు. చూడ, జాడ. దీన్ని ప్రాసయతి అంటాం. ఆటవెలది, తేటగీతి, సీసం లాంటి వాటిలో యతికి బదులు ఇది వాడుకోవచ్చు.

పాదం మధ్యలో పడిన ఈ ప్రాస ఏం పని చేసిందో వినండి. 'చూడ చూడ రుచుల' దగ్గర ఒక ఊపిరి. 'జాడ వేరు' దగ్గర మాట తిరిగింది. వాక్యం ఎక్కడ మలుపు తిరుగుతుందో అక్కడే ప్రాస వచ్చి కూర్చుంది. అందుకే అది అలంకారంలా వినపడదు, అర్థంలో భాగంలా వినపడుతుంది. చివర 'వేరు' అన్న మాట స్వేచ్ఛగా ఉంది, దాని మీద ఏ బరువూ లేదు. ఆ పద్యంలో తిరుగుడు మాట ఒక్కటీ లేదు, ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంది.

సరే, ఇప్పుడు పని చేద్దాం. నిన్నటి కాగితాల్లో ఎవరిదీ తీసుకోను, ఎవరికీ టెన్షన్ వద్దు. (నవ్వులు) మీ అందరి పద్ధతిలో నేనే ఒక చరణం రాశాను. ఊరొదిలి నగరానికి వచ్చి, అద్దె గదిలో ఉంటున్న కుర్రాడి పాట.

ఊరి బస్సు ఎక్కి నేను వచ్చేశాను
అమ్మ చేతి ముద్ద నేను మరిచాను
అద్దె గది గోడల్లో నిలిచాను
అర్ధరాత్రి నిద్ర లేక తలచాను

చదవగానే ఫరవాలేదనిపిస్తుంది. ఒక్కో పాదాన్నీ ఆపి అడుగుదాం. రెండో పాదంలో అమ్మ చేతి ముద్ద మరిచానన్నాడు. మరి నాలుగో పాదంలో నిద్ర పట్టక దేన్ని తలచాడు? అమ్మనేగా? అంటే మరిచాను అన్నది అబద్ధం. ఆ అబద్ధం కుర్రాడు ఆడలేదు, ప్రాస ఆడించింది. మూడో పాదంలో గోడల్లో నిలిచాడట. గోడల మధ్య కూర్చుంటాం, పడుకుంటాం, గోడల్లో నిలవడం ఏమిటి? 'నిలిచాను' కూడా ప్రాస కోసం వచ్చిందే. తలచాను అన్నదానికి కర్మ లేదు, ఏం తలచాడో చెప్పడానికి చోటు మిగల్లేదు. ఇక 'నేను' రెండుసార్లు వచ్చింది. వచ్చేశాను అంటేనే నేను అని తెలుస్తుంది కదా, మాత్రలు నింపడానికి దాన్ని తెచ్చి పెట్టారు.

బలవంతపు ప్రాసని ఇలాగే పట్టుకోవాలి. పాదం చివరి మాటని వేలితో మూసి, ముందు భాగం చదివి, 'ఇక్కడ మామూలుగా ఏం అంటాం?' అని అడగండి. అక్కడున్న మాట, మీరు అనే మాట వేరైతే, ఆ మాటని ప్రాస తెచ్చిందన్నమాట.

ఇప్పుడు దీన్ని విప్పి మళ్ళీ కడదాం. ముందు పాట సంగతి మరిచిపోయి, ఆ కుర్రాడు స్నేహితుడితో ఏమంటాడో రాయండి. 'అద్దె గదిలో ఒక్కడినే పళ్ళెం పెట్టుకుని తింటానురా. ముద్ద కలిపితే అమ్మే గుర్తొస్తుంది. గోడ అవతలే బస్టాండు, నిద్ర పట్టదు. పొద్దు పొడిచిందని బస్సు హారన్ వింటే తెలుస్తుంది.' ఇదీ విషయం.

ఇందులో మార్చడానికి వీల్లేని మాటలు ఏరండి. అద్దె, గది, పళ్ళెం, ముద్ద, అమ్మ, గోడ, నిద్ర, పొద్దు, బస్సు, హారన్. ఒక్కోదాని రెండో అక్షరం కింద గీత గీయండి. అద్దె, ముద్ద, పొద్దు. మూడూ ద్దకారమే, మూడింటి ముందూ గురువే. పక్కనే నిద్ర ఉంది, అక్కడ ద్ర. గదిలో ఒంటి ద. ఎవరూ పిలవకుండానే ఒక గుంపు పోగైంది. మనం ప్రాస వెతకలేదు, విషయంలో ఉన్నదాన్ని చూశాం.

ఇక్కడ ఒక ప్రలోభం వస్తుంది, జాగ్రత్త. ద్దకారం దొరికింది కదా అని ముద్దు, హద్దు, సద్దు, ఎద్దు అన్నీ గుర్తొస్తాయి. 'ముద్దు' దగ్గర చాలామంది జారిపోతారు. రెండు నిమిషాల్లో ఈ అద్దె గదిలోకి ఒక అమ్మాయి వచ్చేస్తుంది. (నవ్వులు) విషయం నుంచి వచ్చిన మాటలనే తీసుకోండి. జాబితాలో లేని మాట ప్రాస చేయి పట్టుకుని వస్తే గుమ్మం దగ్గరే ఆపండి.

ఇప్పుడు నడక. అద్దె అంటే మూడు మాత్రలు, గదిలో అంటే నాలుగు. మూడు, నాలుగు, ఏడు. అదే మిశ్రగతి. మాటలే నడక ఇచ్చాయి, దాన్నే పట్టుకుందాం. పాదానికి ఏడు, ఏడు, పద్నాలుగు మాత్రలు.

అద్దె గదిలో ఒక్క పళ్ళెం
ముద్ద కలిపితె అమ్మ గుర్తే
నిద్ర పట్టని గోడ పక్కన
పొద్దు పొడుపే బస్సు హారన్

చివర ఏ రెండు పాదాలూ ఒకేలా ముగియలేదు. పళ్ళెం, గుర్తే, పక్కన, హారన్. అయినా కట్టు సడలలేదు. మొదట్లో అద్దె, ముద్ద, నిద్ర, పొద్దు పట్టి ఉంచాయి. లోపల చూస్తే మొదటి పాదంలో 'ఒక్క', మూడో పాదంలో 'పక్కన', రెండూ రెండో సగంలోనే పడ్డాయి. 'అద్దె గది' లో ద్దకి ద. 'పొద్దు పొడుపు' లో పొకారం రెండుసార్లు, దాని తర్వాత బస్సులో బకారం చుట్టరికం. ఇవన్నీ నేను లెక్కపెట్టి పెట్టలేదు. విషయం ఇరుకుగా ఉన్నప్పుడు మాటలు దగ్గరగా ఉంటాయి, దగ్గరగా ఉన్నప్పుడు వాటంతటవే తగులుకుంటాయి.

చివరి మాటల్లో ఒక చిన్న విశేషం ఉంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయని చెప్పాను కదా. పళ్ళెం, హారన్ రెండూ మూతపడే ధ్వనులు. ఎం, అన్. అచ్చుల మధ్య ఇలాంటివి తలుపు వేసినట్టు వినపడతాయి. మొదటి పాదం, చివరి పాదం అలా ముగిశాయి కాబట్టి చరణం మూసుకుందని చెవికి తెలుస్తుంది. బస్, ఫోన్, హారన్, ట్రైన్ లాంటి ఇంగ్లీషు మాటలు తెలుగు పాటకి ఇచ్చిన లాభం ఇది. వాటిని వాడితే తప్పు అనేవాళ్ళున్నారు, నేనైతే ఒప్పుకోను.

రెండో పాదం ఇంకా బాలేదు. 'అమ్మ గుర్తే' అన్నది సోమరి మాట. గుర్తు అంటే కంటికి ఏమీ కనపడదు. ఇక్కడ యతిని సాయం అడుగుదాం. పాదం మొదట ము ఉంది, రెండో సగం మొదట్లో కూడా ము వస్తే? 'ముద్ద కలిపితె ముందు అమ్మే.' ముద్ద కలపగానే ఎదురుగా అమ్మ కూర్చుని ఉంది. గుర్తు పోయి మనిషి వచ్చింది. ముద్ద, ముందు అన్న మాటలు కూడా ఓరగా కలిశాయి. ధ్వని కోసం వెతికితే మంచి మాట దొరకడం కూడా ఉంటుంది. కానీ తేడా గమనించండి. చివరి మాట కోసం వెతికినప్పుడు వాక్యం అప్పటికే అయిపోయింది, ఇంక తిరగడానికి చోటు లేదు. మధ్యలో వెతికినప్పుడు వాక్యం ముందు ఇంకా సగం దారి ఉంది.

మొదటి పాదంలో కూడా యతి వెయ్యమంటారా? అద్దెకి అన్నమో, ఆకలో తేవచ్చు. నేను తేను. 'ఒక్క పళ్ళెం' లో ఉన్న ఒంటరితనం పోగొట్టుకుని యతి కొనుక్కోవడం నష్టం బేరం.

ఇంకో సంగతి చూశారా? ఈ నాలుగు పాదాల్లో పూర్తి క్రియ ఒక్కటీ లేదు. కలిపితె, పట్టని, రెండూ అసమాపకాలు. 'పొద్దు పొడుపే బస్సు హారన్' అన్నది క్రియ లేకుండానే పూర్తి వాక్యం. తెలుగులో అది సహజం. 'ఆయన మా మామయ్య' అంటాం, ఇంకేమీ అక్కర్లేదు. క్రియ చివర్నుంచి లేచిపోతే ప్రత్యయాల పీడ కూడా పోతుంది.

అలాగని పాటంతా ఇలా రాస్తే ఫొటోల ఆల్బమ్ తిరగేసినట్టుంటుంది. ఏదో జరగాలి, జరిగితే క్రియ కావాలి. రెండో చరణంలో ఫోను వస్తుంది.

ఊరి నుంచీ ఫోను వస్తే
నోరు అన్నది బాగ ఉన్నా
కూర ఏమని అడిగినప్పుడు
కార మెతుకులు దాచుకున్నా

'నోరు అన్నది' దగ్గర క్రియ పాదం మధ్యలోకి వచ్చింది. మాట్లాడేటప్పుడు మనం ఇలా అంటూనే ఉంటాం. 'అన్నాడు వాడు, రానని.' కాబట్టి ఇది తిప్పి రాసినట్టు వినపడదు. 'వెళ్ళితిని నేను ఊరికిన్' అని రాస్తే అది తిప్పడం. నోటికి వచ్చే వరసలో తిప్పితే సహజం, రాని వరసలో తిప్పితే బలవంతం.

మీలో కొందరు ఇప్పటికే నన్ను పట్టుకోవాలని చూస్తున్నారు. చివర ఉన్నా, దాచుకున్నా అని ప్రత్యయప్రాస వేశారు కదా అని. అవును, వేశాను. ఇక్కడ అది పని చేస్తోంది. 'బాగున్నా' అన్నది అమ్మతో పైకి అన్న మాట, 'దాచుకున్నా' అన్నది మనతో చెప్పిన మాట. ఒకటి అబద్ధం, ఒకటి నిజం, రెండూ ఒకే ధ్వనిలో వచ్చాయి. చివరి ప్రాసని నేను నిషేధించడం లేదు. రెండు మాటల్ని ఎదురెదురుగా నిలబెట్టాల్సి వస్తే చివరి ప్రాసంత పదునైన పనిముట్టు లేదు. వాటి మధ్య గొడవేమీ లేకపోతే మాత్రం నిలబెట్టి లాభం లేదు.

పాడేటప్పుడు ఇంకో లెక్క వస్తుంది. నిదానంగా సాగే బాణీలో గాయకుడు పాదం చివర అచ్చుని లాగుతాడు. హల్లు చిటికెలో అయిపోతుంది, అచ్చు నాలుగు అక్షరాల కాలం నిలబడుతుంది. అక్కడ కోటి, కూటి లాంటి కలయిక తేలిపోతుంది. ఓ, ఊ రెండూ వేరు వేరుగా మోగుతాయి. అలాంటి చోట తోట, గోడ లాంటి జంట నయం. ఓకారం ఒకటే, ట, డలు ఎలాగూ దగ్గరివే. వేగంగా నడిచే పాటలో, ర్యాప్‌లో, జానపదంలో దీనికి వ్యతిరేకం. అచ్చుకి నిలబడే తీరిక ఉండదు, హల్లులు దరువులా కొడతాయి. అక్కడ కోటి, కూటి బాగా పలుకుతుంది. కాబట్టి బాణీ వినకుండా ఏ ఓరప్రాస మంచిదో చెప్పలేం.

మోతాదు సంగతి కూడా చెప్పి ఆపుతాను. లోపలి ప్రాస దొరకడం మొదలయ్యాక కొందరికి అదే వ్యసనమవుతుంది. 'అద్దె గదిలో ముద్ద వద్దని పొద్దు పోనీ నిద్దురేదని' అని రాస్తారు. మాత్రలన్నీ కుదిరాయి, కానీ వినేవాడికి ద్ద తప్ప ఇంకేం గుర్తుండదు. హాస్యానికి, ఊరేగింపు నినాదానికి ఇదే కావాలి, అక్కడ వెయ్యండి. ఈ కుర్రాడి పాటకి వద్దు. సరిపోయిందో లేదో తెలుసుకోవాలంటే చరణాన్ని పాదాలుగా విడగొట్టకుండా వచనంలా ఒకే పేరాగా రాసి, పాట అని తెలియని మనిషికి ఇచ్చి బిగ్గరగా చదవమనండి. ఎక్కడా ఊపు రాకపోతే ప్రాస మరీ పల్చనైంది. చదువుతూ మధ్యలో నవ్వితే మరీ చిక్కనైంది. ఊపుతో చదివి, 'పాపం, ఇంటికి చెప్పడా?' అని అడిగితే చాలు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: 'మేడమ్, ట్యూన్ ముందే ఇస్తారు. ప్రతి లైను చివరా ఒకేలా మోగాలని మ్యూజిక్ డైరెక్టర్ పట్టుబడితే?')

అప్పుడు 'ఇల్లు కట్టి చూడు' పద్ధతి వాడండి. చివర ఒకే మాటని మళ్ళీ మళ్ళీ పెట్టండి, దానికి ముందు మాటలో ఓరప్రాస వెయ్యండి. గజల్ రాసేవాళ్ళు చేసేది ఇదే. చివర మళ్ళీ వచ్చేదాన్ని రదీఫ్ అంటారు, దానికి ముందు వచ్చే ప్రాసని కాఫియా అంటారు. బాణీకి కావలసిన మోత రదీఫ్ ఇస్తుంది, మీరు కాఫియా దగ్గర స్వేచ్ఛ తీసుకోవచ్చు. ఒకే మాట మళ్ళీ వస్తోంది కాబట్టి అది ఎక్కడ పడినా అర్థం కుదిరేలా చూసుకోండి. 'చూడు' లాంటివి కుదురుతాయి, 'తలచాను' లాంటివి రెండోసారికే అలసిపోతాయి.

(ఇంకో శ్రోత: 'నిద్ర అన్నచోట నిద్దర అని రాస్తే ప్రాస సరిగ్గా కుదురుతుంది కదా మేడమ్? ఎందుకు వదిలేశారు?')

కుదురుతుంది. పద్యమైతే ద్దకి ద్ర పనికిరాదు కాబట్టి నిద్దర అనే రాయాలి. నేను పాటలో ఆ కుర్రాడి నోరు చూశాను. వాడు చదువుకుని ఉద్యోగానికి వచ్చినవాడు, నిద్ర అనే అంటాడని అనుకున్నాను. మీ కుర్రాడు నిద్దర అనేవాడైతే నిద్దర అనే రాయండి, కానీ పాటంతా ఆ నోటితోనే మాట్లాడించాలి. ఒక పాదంలో నిద్దర అని, తర్వాతి పాదంలో 'రాత్రి భోజనము' అంటే వాడెవడో తెలియదు. మాత్రలు కూడా చూసుకోండి. నిద్ర మూడు మాత్రలు, నిద్దర నాలుగు. 'నిద్దర పట్టని' అంటే ఏడు మాత్రలు ఎనిమిదైపోతాయి. 'నిద్దరెరగని గోడ పక్కన' అనుకోండి, ఏడు మళ్ళీ కుదిరింది. కానీ అప్పుడు నిద్రపోనిది కుర్రాడా, గోడా అన్న అనుమానం వస్తుంది. నాకు ఆ అనుమానం నచ్చింది. ఇంటికెళ్ళి రెండూ పాడుకుని చూస్తాను, మీరూ చూడండి.